ఆస్ట్రోలేబ్ చెప్పగలిగింది ఎంత?

"ఆస్ట్రోలేబ్ అంటే వెయ్యేళ్ల నాటి జీపీఎస్. నడిసముద్రంలో నావికుడు దాన్ని ఒక నక్షత్రం వైపు పట్టుకుని చూస్తే చాలు, టైమెంతో, ఏ చుక్క ఎక్కడుందో, ఓడ భూగోళం మీద సరిగ్గా ఎక్కడుందో తెలిసిపోయేది. ఒక్క యంత్రంతో ప్రపంచమంతా తిరిగేవారు."

ప్రచారంలో తిరిగే ఈ నాలుగు ముక్కల కింద ఎప్పుడూ ఒకే బొమ్మ కనిపిస్తుంది: లతల్లాంటి నగిషీ ఉన్న ఇత్తడి చక్రం. చిక్కు అక్కడే మొదలవుతుంది. అది ఖగోళజ్ఞుల ఆస్ట్రోలేబ్. నావికుల ఆస్ట్రోలేబ్ వేరు. అందులో నక్షత్రాల పటం ఉండదు, గంటల గీతలూ ఉండవు. డిగ్రీలు చెక్కిన బరువైన కడియం, మధ్యలో తిరిగే ఒక పట్టీ, పట్టీ రెండు చివర్లా సన్నటి రంధ్రం ఉన్న చిన్న రెక్కలు, అంతే. గంట చెప్పే యంత్రం ఒకటి, అక్షాంశం కోసం ఓడ మీద వాడినది మరొకటి. రెండింటి పనులనూ కలిపి ఒకదానికే అంటగట్టారు.

ముందు గంట సంగతి చూద్దాం. ఖగోళజ్ఞుల యంత్రంలో అడుగున ఒక పలక ఉంటుంది. దాని మీద క్షితిజం, దానికి పైన ఒక్కో ఎత్తుకు ఒక్కో వృత్తం చెక్కి ఉంటాయి. ఆ పలక మీద తిరిగే జాలి ఆకాశ పటం: ప్రకాశవంతమైన చుక్కలకు ఒక్కో ములుకు, సూర్యుడు ఏడాది పొడవునా నడిచే క్రాంతివృత్తానికి ఒక వలయం. వెనకవైపు తేదీల వరుస పక్కన రాశుల వరుస, చుక్కల ఎత్తు కొలిచే పట్టీ ఉంటాయి.

డిసెంబరు 21 రాత్రి, హైదరాబాదు అనుకుందాం. యంత్రాన్ని ఉంగరంతో వేలాడదీసి, వెనక పట్టీలోంచి రోహిణిని చూస్తే తూర్పున 50 డిగ్రీల ఎత్తులో ఉంది. ఆ తేదీకి సూర్యుడు సాయన మకరం, అంటే మార్చి విషువత్తు నాటి సూర్యుడి చోటు నుంచి లెక్కించే మకరం, మొదట్లో ఉంటాడని వెనక వరుసలే చెబుతాయి. (ఇక్కడ పంచాంగంలోని నిరయన స్థానం, అంటే నక్షత్రాల నుంచి లెక్కించేది, పెడితే గంటన్నరకు పైగా తేడా వస్తుంది.) ఇప్పుడు యంత్రాన్ని తిప్పి, రోహిణి ములుకు తూర్పు వైపున 50 డిగ్రీల వృత్తాన్ని తాకేదాకా జాలిని జరపాలి. అంతటితో పటం ఆ క్షణపు ఆకాశంగా మారుతుంది. మృగవ్యాధ నక్షత్రం ఎక్కడుందని చూస్తే తూర్పుకు కాస్త దక్షిణంగా, క్షితిజానికి దాదాపు పది డిగ్రీల పైన కనిపిస్తుంది. బయటికి వెళ్లి సరిచూసుకోవచ్చు. ఇక యంత్రం ముందువైపున్న పట్టీని క్రాంతివృత్తం మీద సూర్యుడున్న చోటికి జరిపితే, దాని కొన గంటలు చెక్కిన అంచు మీద రాత్రి 7:50 దగ్గర ఆగుతుంది. సూర్యుడు క్షితిజం కింద ఉన్నా లెక్క చెడదు. అది స్థానిక సూర్య సమయం కాబట్టి మన గోడ గడియారం అప్పుడు 8:04 చూపుతుంది.

నక్షత్రం వైపు పట్టుకుని చూడటం ఇందులో మొదటి మెట్టు మాత్రమే. తేదీ తెలియాలి, చుక్కను గుర్తుపట్టాలి, అది తూర్పున ఎక్కుతోందో పడమట దిగుతోందో చూసుకోవాలి. అన్నిటికంటే ముందు, మీరున్న అక్షాంశానికి చెక్కిన పలక కావాలి. ప్రచారం పూర్తిగా తలకిందులయ్యేది ఇక్కడే: ఎక్కడున్నారో ఈ యంత్రం చెప్పదు, అది మీరే దానికి చెప్పాలి. అందుకే ఒక్కో యంత్రంలో వేర్వేరు ఊళ్ల అక్షాంశాలకు పలకలు దొంతరగా పెట్టేవారు. తప్పు పలక పెడితే ఎంత తేడా వస్తుంది? మార్చి 21 ఉదయం హైదరాబాదులో సూర్యుడు 30 డిగ్రీల ఎత్తుకు వచ్చినప్పుడు సరైన పలక 8:06 చూపుతుంది. ఢిల్లీ పలక వేస్తే 8:19. యంత్రం ఏ హెచ్చరికా చేయదు, తప్పును కూడా అంతే నిబ్బరంగా చెబుతుంది. ఫిరోజ్ షా తుగ్లక్ కొలువులోని జైన పండితుడు మహేంద్ర సూరి 1370లో ఈ యంత్రం మీద సంస్కృతంలో 'యంత్రరాజం' రాశాడు. రాజే, కానీ తన పలకకు చెందిన అక్షాంశానికి మాత్రమే.

చుక్కల ములుకులకూ కాలదోషం ఉంది. భూమి అక్షం మెల్లగా దిశ మారే అయనచలనం వల్ల నక్షత్రాలు దాదాపు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతాయి. 1600 ప్రాంతంలో చేసిన యంత్రం మీది రోహిణి ఇప్పుడు ఆరు డిగ్రీల దాకా వెనకబడి ఉంటుంది. దాంతో ఈ రాత్రి గంట చూస్తే ఇరవై నిమిషాలకు పైగా తప్పుతుంది.

ఇక ఓడ మీదికి వద్దాం. నావికుడికి కావలసింది మధ్యాహ్న సూర్యుడి ఎత్తు. కడియాన్ని బొటనవేలికి తగిలించి నడుము ఎత్తున వేలాడదీస్తాడు. సూర్యుడి వైపు కన్నెత్తి చూడడు. పై రెక్క రంధ్రంలోంచి దూరిన కిరణం కింది రెక్క రంధ్రం మీద పడేదాకా పట్టీని జరుపుతాడు. మధ్యాహ్నానికి ముందు నుంచి మళ్లీ మళ్లీ కొలుస్తాడు. ఎత్తు పెరిగి పెరిగి, ఆగి, దిగడం మొదలయ్యాక అతిపెద్ద అంకెను తీసుకుంటాడు. ఆపైన ఆ రోజు సూర్యుడి క్రాంతి ఎంతో, అంటే భూమధ్యరేఖకు ఉత్తరంగానో దక్షిణంగానో ఎన్ని డిగ్రీలు జరిగి ఉన్నాడో, పట్టికలో చూడాలి. ఖగోళజ్ఞుడు అబ్రహాం జకూటో తయారుచేసిన అలాంటి పట్టికలు 1496లో అచ్చయ్యాయి. అవి లేకపోతే కొలిచిన ఎత్తు వట్టి అంకె.

ఊగే ఓడ మీద ఇది ఎంత నమ్మదగినది? పోర్చుగీసు నావికుడు కబ్రాల్ నౌకాదళంతో బ్రెజిల్ చేరిన వైద్యుడు, ఖగోళజ్ఞుడు మాస్టర్ జువావ్ 1500 మే 1న పోర్చుగల్ రాజుకు రాసిన ఉత్తరం దీనికి సాక్ష్యం. ఓడ ఏ కాస్త ఊగినా నాలుగైదు డిగ్రీలు తప్పుతాయని, నేల మీద తప్ప నక్షత్రాల ఎత్తు తీయలేమని చెప్పాడు. ఐదు డిగ్రీలంటే 550 కిలోమీటర్లు. సముద్రంలో నక్షత్రాల కంటే సూర్యుణ్నే నమ్ముకోవాలని కూడా అన్నాడు.

ఆయన లెక్క చూడండి. ఏప్రిల్ 27న ఒడ్డుకు దిగి మధ్యాహ్న సూర్యుడి ఎత్తు 56 డిగ్రీలని కొలిచాడు. అంటే సూర్యుడు నడినెత్తికి 34 డిగ్రీల దూరంలో, ఉత్తరం వైపున ఉన్నాడు. ఆ రోజు సూర్యుడి క్రాంతి ఉత్తరంగా దాదాపు 17 డిగ్రీలు. 34లోంచి 17 తీసేస్తే భూమధ్యరేఖకు దక్షిణంగా 17 డిగ్రీలు. ఆయనా అదే రాశాడు. వాళ్లు దిగిన తీరం నిజానికి 16 డిగ్రీలు దాటి కొద్దిగా ఉంది. గట్టి నేల మీద నిలబడి కొలిచినా డెబ్భై ఎనభై కిలోమీటర్ల తేడా ఉంది.

తరువాతి నావిక యంత్రాల ఆకారమే ఈ ఇబ్బందిని చెబుతుంది. గాలి దూరిపోయేలా మధ్యభాగం కోసేశారు, ఊగకుండా అడుగున బరువు పెంచారు. ఒమాన్ తీరంలో 1503లో మునిగిన పోర్చుగీసు ఓడ శిథిలాల్లో దొరికినది మాత్రం పాత రకం. పదిహేడున్నర సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పలుచని బిళ్ల, బరువు 344 గ్రాములు. డెక్కు మీది గాలికి అది ఎలా కొట్టుకునేదో ఊహించుకోవచ్చు.

"భూగోళం మీద సరిగ్గా ఎక్కడుందో" అనాలంటే రేఖాంశం కూడా తెలియాలి. దానికి ఇక్కడి సమయంతో పాటు అదే క్షణాన బయలుదేరిన రేవులో, ఉదాహరణకు లిస్బన్‌లో, ఎంతయిందో తెలియాలి. నాలుగు నిమిషాల తేడాకు ఒక డిగ్రీ. ఆస్ట్రోలేబ్ ఎంత బాగా వాడినా తానున్న చోటి సమయమే చెబుతుంది. అయిదారు వారాల కిందట వదిలి వచ్చిన రేవు సమయం దానికి తెలిసే దారి లేదు. అది తెలియాలంటే ఓడ మీద కూడా తప్పకుండా నడిచే గడియారం కావాలి, అది 18వ శతాబ్దం దాకా రాలేదు. అప్పటివరకు తూర్పు పడమరల దూరాన్ని దిక్సూచి, ఇసుక గడియారం, ఓడ వేగం మీద కంటి అంచనా కలిపి లెక్కకట్టేవారు.