అలర్ట్ మెయిళ్లను ఫోల్డర్‌లోకి తోసేస్తే తీరే సమస్య కాదిది

సిస్టమ్‌లో సమస్య వస్తే రాత్రయినా స్పందించాల్సిన ఆన్‌కాల్ ఇంజనీర్ ఇన్‌బాక్స్ అలర్ట్ మెయిళ్లతో నిండిపోతోందంటే మొదట వినిపించే సలహా మెయిల్ ఫిల్టర్. అలర్ట్లన్నీ ఓ ఫోల్డర్‌లోకి పోయేలా ఒక రూలు రాసుకోమంటారు. వారం తిరిగేసరికి ఆ ఫోల్డర్‌ను తెరిచేవాళ్లే ఉండరు. అంటే మనం అలర్ట్‌ను చెప్పకుండా ఆపేశామన్నమాట. సరిచేయాల్సింది మెయిల్ అందే చోట కాదు, పుట్టే చోట. ఇది పాత సమస్యేనా, కొత్తదా అని పంపే సిస్టమ్‌కే తెలియాలి.

ఒక కేసు చూద్దాం. అర్ధరాత్రి దాటాక డేటాబేస్ సర్వర్‌లో డిస్క్ నిండుతోంది. అక్కడ తనంతట తానే నడిచే క్రాన్ స్క్రిప్టు నిమిషానికోసారి డిస్క్ వాడకం చెప్పే `df` కమాండ్ చూసి, వాడకం 90 శాతం దాటితే మెయిల్ పంపుతుంది. కాసేపటికి డేటాబేస్ రాతలు ఆగిపోతాయి. దాన్ని నమ్ముకున్న 40 అప్లికేషన్ సర్వర్లూ నిమిషానికో ఎర్రర్ మెయిల్ పంపడం మొదలెడతాయి. గంటకు 2,460 మెయిళ్లు. అసలు కారణం చెప్పేవి వాటిలో 60.

సబ్జెక్టు ఒకటే అయితే రెండోది పంపొద్దని స్క్రిప్టుకు చెప్పొచ్చుగా అనిపిస్తుంది. కానీ ఆ సబ్జెక్టులోనే "91%", "92%" అనో, టైమో, ప్రాసెస్ నంబరో ఉంటుంది. అంకె మారిన ప్రతిసారీ స్క్రిప్టు దృష్టిలో అది కొత్త సమస్యే. గుర్తింపుకు ఏ సర్వర్, ఏ డిస్క్, ఏ తనిఖీ అన్నవి చాలు. మారే అంకెల స్థానం మెయిల్ లోపల.

సర్వర్లను కొలుస్తూ రూళ్ల ప్రకారం అలర్ట్లిచ్చే ప్రోమిథియస్ వాడేవాళ్లూ సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు. కొలిచిన విలువను అలర్ట్ లేబుల్‌లో పెడతారు. అలర్ట్‌ను గుర్తించేది లేబుళ్లతోనే, లేబుల్ మారితే అది వేరే అలర్ట్. రూలులో పది నిమిషాలు వరుసగా సమస్య ఉంటేనే మోగమనే `for: 10m` ఉందనుకోండి, విలువ మారిన ప్రతిసారీ పది నిమిషాల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, డిస్క్ నిండిపోతున్నా అలర్ట్ రాకపోవచ్చు. `for` లేకపోతే మెయిళ్ల వరద. అలర్ట్ మొదలైన సమయం పదేపదే ముందుకు జరుగుతోందంటే ఈ తప్పు ఉందేమో చూడాలి. విలువను గుర్తింపులో లెక్కకు రాని అనోటేషన్‌లోకి మారిస్తే చాలు.

గుర్తింపు కుదిరాక, ప్రోమిథియస్ అలర్ట్లను మెయిళ్లుగా పంపే అలర్ట్‌మేనేజర్ పని సులువు:

```
route:
  receiver: oncall-mail
  group_by: ['alertname', 'cluster']
  group_wait: 30s
  group_interval: 5m
  repeat_interval: 4h
```

ఒకే క్లస్టర్‌లో వచ్చిన ఒకే రకం అలర్ట్లను 30 సెకన్లు ఆగి ఒక్క మెయిల్‌గా పంపుతుంది. ఆ గుంపులోకి కొత్త సర్వర్ చేరితే ఐదు నిమిషాల్లోపు చెబుతుంది. ఏమీ మారకపోతే నాలుగు గంటల దాకా మళ్లీ పంపదు. `group_by`లో ఒక్కో సర్వర్‌ను సూచించే `instance` చేర్చారా, నలభై మెయిళ్లూ వెనక్కి వచ్చేస్తాయి. డేటాబేస్ డిస్క్ అలర్ట్ మోగుతున్నంతసేపు అప్లికేషన్ అలర్ట్లను నొక్కిపట్టే `inhibit_rules` కూడా రాస్తే ఇంజనీర్‌కు కారణమొక్కటే కనిపిస్తుంది. అయితే ఆ రూలులోని `equal`లో `cluster` పెడితే, రెండు అలర్ట్లలోనూ ఆ లేబుల్ ఒకేలా ఉండాలి. ఒకచోట `db-prod`, ఇంకోచోట `prod` అని ఉంటే ఈ రూలు ఏ ఎర్రర్ చూపకుండానే పనిచేయడం మానేస్తుంది.

ఇలా నొక్కిపట్టడంలో నిజమైన ప్రమాదం దాక్కుండిపోతుందని కొందరి భయం. అప్లికేషన్లలో డిస్క్‌తో సంబంధం లేని మరో లోపం అదే సమయంలో వస్తే ఆ మెయిల్ ఆగిపోతుంది, నిజమే. అందుకే ఇలా నొక్కిపట్టడాన్ని కారణం, ఫలితం తేటతెల్లంగా తెలిసిన జంటలకే పరిమితం చేయాలి. రెండు వేల మెయిళ్ల మధ్య మాత్రం ఆ రెండో లోపాన్ని ఎవరు పట్టుకోగలరు?

ఇవన్నీ చాలాకాలంగా ఉన్న సెట్టింగులే. అయినా ఇన్ని బృందాలు ఇంకా మెయిళ్ల కింద ఎందుకు నలుగుతున్నాయి? అలర్ట్ రాసేవాడు ఒకడు, నిద్ర పోగొట్టుకునేవాడు ఇంకొకడు కావడం వల్ల. డెవలపర్ రిలీజ్ రోజు జాగ్రత్త కోసం ఒక రూలు చేర్చి వెళ్తాడు. ఆ రూలుకు తర్వాత యజమాని ఉండడు. తీసేస్తే రేపు ఏదైనా జరిగినప్పుడు తన మెడకు చుట్టుకుంటుందని ఆన్‌కాల్ మనిషి దాన్ని ముట్టుకోడు. చేర్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, తీయడానికే ధైర్యం కావాలి. అందుకే అలర్ట్లు పెరగడమే తప్ప తగ్గవు.

కాబట్టి ప్రతి రూలులో బృందం పేరు ఒక లేబుల్‌గా ఉండాలి, మెయిల్ అందినప్పుడు ఏం చేయాలో ఒక్క వాక్యమైనా అనోటేషన్‌లో ఉండాలి. ఈ రెండూ లేని రూలును కోడ్ రివ్యూలోనే వెనక్కి పంపాలి. కొత్త రూలు మోగితే మొదటి రెండు వారాలు ఆ మెయిల్ రాత్రయినా, పగలైనా రాసిన బృందానికే వెళ్లాలి. ఆ తర్వాతే దాన్ని ఆన్‌కాల్ జాబితాలో చేర్చాలి.