జ్వరం దిగిన రోజే అసలు కాపలా

వానాకాలం జ్వరమొస్తే కోనసీమ పల్లెల్లో ముందు ఆర్‌ఎంపీ దగ్గరికే వెళ్తాం. "ఒళ్లు నొప్పులు చంపేస్తన్నాయండీ, ఓ సూదేసెయ్యండి" అంటాం. ఆ సూది డైక్లోఫెనాక్ అయ్యే అవకాశం ఎక్కువ. కాసేపటికి చెమట పట్టి జ్వరం దిగుతుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. డెంగ్యూ అయితే మాత్రం ఆ సూది వేయించుకోకపోవడమే మంచిది.

డెంగ్యూలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్, ఆస్పిరిన్ లాంటివి మిగిలిన ప్లేట్‌లెట్లను కూడా సరిగ్గా పనిచేయనివ్వవు. కడుపు లోపలి పొరను దెబ్బతీసి అక్కడ రక్తస్రావానికి దారి తీస్తాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు చేరే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. కండకు సూది వేస్తే అక్కడే రక్తం గడ్డకట్టి వాచిపోవచ్చు. గుండె జబ్బుకు రోజూ ఆస్పిరిన్ వాడేవారు సొంతంగా ఆపకుండా ఆ రోజే డాక్టర్ని అడగాలి.

సోమవారం జ్వరం మొదలైన 60 కిలోల మనిషిని తీసుకుందాం. లివర్ జబ్బు లేకపోతే పారాసిటమాల్ 650 ఎంజీ బిళ్ల ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు మించకుండా సరిపోతుంది. అది వేసినా జ్వరం పూర్తిగా దిగకపోవచ్చు, కంగారుపడి ఇంకో మందు కలపక్కర్లేదు. రోజంతా కలిపి రెండున్నర, మూడు లీటర్లు తాగించాలి. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో కలిపి, మిగతాది కొబ్బరినీళ్లు, గంజి, పల్చటి మజ్జిగగా ఇవ్వచ్చు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి ఈ లెక్క డాక్టరే చెప్పాలి. బొప్పాయాకు రసం పట్టించి వాంతి చేయిస్తే, ఆ వాంతి జబ్బుదో రసానిదో తెలియక మనమే తికమకపడతాం.

గురువారమో శుక్రవారమో జ్వరం దిగుతుంది. సరిగ్గా అప్పుడే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారడం మొదలుకావచ్చు. ఒకటి రెండు రోజులు అలా కారుతుంది, ఆలోగా రక్తం చిక్కబడి బీపీ పడిపోవచ్చు. కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోనో ముక్కులోనో రక్తం, నల్లటి విరేచనం, మత్తు లేదా అసహనం, చల్లబడిన చేతులు, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, అర్ధరాత్రయినా సరే, పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. దారిలో ఆగి "నీరసానికి" సెలైన్ ఎక్కించుకోకూడదు. లెక్క లేకుండా ఎక్కించిన నీరు ఊపిరితిత్తుల చుట్టూ చేరి ఆయాసం తెస్తుంది.

మన టెన్షనంతా ప్లేట్‌లెట్ల మీదే. రిపోర్టులో పక్కనే పీసీవీ అని, రక్తం ఎంత చిక్కగా ఉందో చెప్పే ఒక అంకె ఉంటుంది, దాన్నెవరూ అడగరు. మొదటి రోజు 40 ఉన్నది 48 అయ్యి, ప్లేట్‌లెట్లు కూడా పడిపోతుంటే నీరు కారుతున్నట్టే. ఆ పోలిక కోసమే మొదటి రిపోర్టు పారేయకుండా ఉంచాలి. జ్వరం లేకుండా రెండు రోజులు గడిచి, ఆకలి పుట్టి, మూత్రం బాగా వస్తుంటే ఆ గండం దాటినట్టే, ప్లేట్‌లెట్లు ఇంకా లక్షకు చేరకపోయినా.