సవరణ: యాప్ తీసేస్తే ఆటోపే ఆగదు

"అన్నా, మీరు రాసినట్టే యాప్ తీసేశాను. అయినా ఎల్లుండి 299 కట్ అవుతుందని మెసేజ్ వచ్చిందేంటి?" అని బ్రాడీపేట నుంచి ఒక తమ్ముడు అడిగాడు.

తప్పు నాదే తమ్ముడూ, క్షమించు. యాప్ తీసేస్తే ఆటోపే ఆగిపోతుందని ముందు రాసిన వాక్యం తీసేశాను. ఆటోపే అంటే డబ్బు దానంతటదే కట్ అవ్వడానికి నువ్విచ్చిన అనుమతి. అది ఆ యాప్‌తో పోదు, నీ బ్యాంకు ఖాతా మీద అలాగే ఉంటుంది. అప్పుడు ఏ యూపీఐ యాప్‌లో ఒప్పుకున్నావో దాన్నే తెరిచి, ఆటోపేలోకి వెళ్లి ఆ 299 మీద నొక్కు. Pause వద్దు, అది కొన్నాళ్లు ఆపడమే. Cancel లేదా Revoke నొక్కి పిన్ కొట్టు. తర్వాత అది Active జాబితాలోంచి పోయిందో లేదో చూసి స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకో.

కట్ అవ్వడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ పంపాలన్నది రిజర్వ్ బ్యాంక్ నియమం. అంటే టైముంది, ఈ రాత్రే చేసెయ్. కార్డు మీద ఇచ్చినదైతే మెసేజ్‌లోని లింకు జోలికి పోకుండా, బ్యాంకు యాప్ నువ్వే తెరిచి రద్దు చెయ్యి.