లింకు కొనకుండా సంపాదించిన పాపానికి

ముందే ఒప్పేసుకుంటున్నా, నా బ్లాగుకి వేరే సైట్లు ఇచ్చిన లింకుల్లో, అంటే బ్యాక్‌లింకుల్లో, ఒక్కటి కూడా నేను డబ్బులిచ్చి కొన్నది కాదు. ఈ విషయం బయటపడ్డాక డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేసిన మా బావమరిది ముఖం చూపించలేకపోతున్నాడు. "పది డాలర్లకి ఐదు వేల లింకులు ఇస్తుంటే నువ్వు టమాటా రేట్లు రాసుకుంటూ తిరుగుతావేంటి బావా" అని వాడి బాధ.

వాడి బాధలో న్యాయం ఉంది. 1998లో గూగుల్ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ కలిసి ఒక పేజీకి ఇంకో పేజీ ఇచ్చే లింకుని సిఫార్సులా లెక్కేద్దాం అన్నారు, సిఫార్సుకి విలువుందని తెలిశాక అమ్మకానికి పెట్టకుండా ఎవరుంటారు చెప్పండి. 2012లో గూగుల్ పెంగ్విన్ అప్‌డేట్ తెచ్చి లింకులు కొన్న సైట్లని వెతుకులాట ఫలితాల్లో కిందకి తోసింది. 2016 నుంచి అయితే ఆ కొన్న లింకుల్ని ఎక్కువగా లెక్కలోంచి తీసేసి ఊరుకుంటోంది. అంటే డబ్బులు పోతాయి, తిట్టే దిక్కు కూడా ఉండదు. ఇంత మర్యాదైన మార్గం వదిలేసి నేను పక్కదారి పట్టా.

నాది కూరగాయల ఖర్చు మీద రాసుకునే చిన్న బ్లాగు. మా రైతు బజార్లో బోర్డు మీద రాసే టమాటా ధరకీ, మా వీధిలో బండాయన చెప్పే ధరకీ తేడా ఎంతుందో ఆరు వారాలు రాద్దామనుకున్నా. మొదటి వారం రాసిందంతా చెత్తబుట్ట పాలైంది, ఎందుకంటే బోర్డు ధర పొద్దున్నది, నేను బండి దగ్గరికి వెళ్లింది సాయంత్రం, చీకటి పడితే ఆయనే తగ్గించేస్తాడు కదా. అప్పట్నుంచి రెండూ పొద్దున తొమ్మిదిలోపే, కాయ సైజు ఒకేలా ఉన్నవే చూసి, ఆయన తూచిన కిలోని ఇంటికొచ్చి మళ్లీ తూచి రాశా. ఆరో రోజు బండాయన "రోజూ కిలో కొంటావు, రేటు రాసుకుంటావు, హోటల్ పెడతన్నావా సారూ" అనడిగాడు. బజారు మూసిన రోజుల గళ్లు ఖాళీగానే వదిలేశా, ముందు రోజు ధర దించి పూడ్చలేదు. పేజీలో ఎక్కడ, ఏ టైముకి, ఎలా రాశానో, ఇది ఒక్క బజారు ఒక్క బండి లెక్కేనని పైనే పెట్టి, మొత్తం షీటు ఎవరైనా దించుకునేలా ఉంచా.

తర్వాత అడుక్కోవడం మొదలెట్టా. కాలేజీలు, లైబ్రరీలు, వినియోగదారుల సంఘాలు తమ వాళ్ల కోసం పనికొచ్చే లింకులన్నీ ఒక పేజీలో పెడతాయి, వాటినే రిసోర్స్ పేజీలంటారు. కాలేజీల పేజీల కోసం గూగుల్లో ఇలా వెతికా:

```
site:ac.in inurl:links vegetable prices
```

వచ్చినవాటిలో చాలావరకు ఏళ్లుగా ఎవరూ ముట్టుకోనివి. ఈమధ్య మార్చిన గుర్తులున్నవీ, నాలాంటి చిన్న సైట్లకి ముందే చోటిచ్చినవీ వేరుచేస్తే 14 మిగిలాయి.

మెయిల్ రాయడంలో మన సంప్రదాయం తెలిసిందే, "డియర్ సర్/మేడమ్, మీ అద్భుతమైన వెబ్‌సైట్ చూసి ముగ్ధుడనయ్యాను" అని పెళ్లి శుభలేఖలా ఊరందరికీ ఒకటే పంచడం. నేను మాత్రం బుద్ధి లేక ఒక్కో పేజీలో లింకులన్నీ నొక్కి చూసి, చచ్చిపోయినవేవో ముందు చెప్పా: "మీ మూడో లింకు, తొమ్మిదో లింకు తెరుచుకోవట్లేదండీ. ధరల విభాగంలో నేను ఆరు వారాలు రాసిన లెక్క పనికొస్తుందేమో చూడండి, లేకపోయినా పర్లేదు." అంతే. లింకున్న మాటని కూడా గూగుల్ చూస్తుంది కదాని ఫలానా మాట మీదే లింకు పెట్టమనలేదు, బదులుగా మీకూ లింకిస్తా అనలేదు. జవాబు రాని చోట పది రోజులాగి ఒక్కసారి గుర్తుచేసి వదిలేశా.

ఒకాయన అయితే పేజీలో లింకు పెట్టడానికి 2,000 రూపాయలు అడిగారు. డబ్బులిస్తే అది ప్రకటన, ఆ లింకుకి `rel="sponsored"` అన్న గుర్తు పెట్టాలండీ అని వినయంగా రాశా, మళ్లీ మాట లేదు.

ఆయన కాక 14లో ఇంకో ముగ్గురు పలికారు. ఒకావిడ చచ్చిన లింకులు తీసేసి థాంక్స్ చెప్పి నాది పెట్టలేదు, ఆవిడ ఇష్టం. ఇంకొకరు మా దగ్గర ఇలాంటి విభాగం లేదన్నారు. మూడో ఆయన ఏదో కాలేజీలో ఎకనామిక్స్ మాస్టారు, షీటు దించుకుని మరీ చూసి "ఈ నాలుగు గళ్లు ఖాళీగా ఎందుకున్నాయి?" అనడిగారు. బజారు లేదండీ, అందుకే వదిలేశా అన్నా. మర్నాడే లింకు పెట్టారు, విద్యార్థులకి చూపిస్తానన్నారు కూడా. మన సైటుకి ఎవరు లింకిచ్చారో గూగుల్ చూపించే సెర్చ్ కన్సోల్ లింక్స్ రిపోర్టులో అది కనపడటానికి కొన్ని వారాలు పట్టింది, ఈలోపు అక్కణ్నుంచి మనుషులు రావడం మొదలైపోయింది.

ఆనందంగా మా బావమరిదికి చూపించా. వాడు దగ్గరగా చూసి తల పట్టుకున్నాడు. మాస్టారు లింకుని "టమాటా ధరలు" అన్న మాట మీద కాదు, "ఇక్కడ" అన్న మాట మీద పెట్టారట.