దుస్తులు మార్చేటప్పుడు గీత ముందు కాదు, తరువాత గీయాలి

ఏఐతో ఫొటోలో మనిషి దుస్తులు మార్చడానికి రెండు దారులున్నాయని ఈ పనిలో చేయి పెట్టిన వారందరికీ తెలుసు. ఒకటి, చొక్కా మీద బ్రష్‌తో మాస్క్ పూసి, అంటే మార్చాల్సిన చోటును గుర్తుపెట్టి, ఆ భాగాన్ని మాత్రమే కొత్తగా గీయించడం. దీన్ని ఇన్‌పెయింటింగ్ అంటున్నాం. రెండోది, మాస్క్ జోలికి పోకుండా ఏం కావాలో వాక్యంలో రాసి మొత్తం ఫొటోను చిత్రాలు గీసే ఏఐ మోడల్‌కు అప్పగించడం. 2022లో ఇన్‌స్ట్రక్ట్‌పిక్స్2పిక్స్ అనే మోడల్ ఈ రెండో దారిని తెరిచింది. 2025లో ఫ్లక్స్ కాంటెక్స్ట్, క్వెన్ ఇమేజ్ ఎడిట్ వంటివి దాన్ని విశాలం చేశాయి. అప్పటి నుంచి మాస్క్ పాతబడిపోయిందన్న మాట పదేపదే వినిపిస్తోంది. అది తప్పు. మాస్క్ అవసరం పోలేదు, దాని చోటు మారింది. ఇన్నాళ్లూ పని మొదట్లో గీసిన గీతను ఇప్పుడు పని చివర గీయాలి.

ఒక ఫొటో తీసుకుందాం. వెడల్పు 3000, ఎత్తు 4000 పిక్సెళ్లు. ఒక మహిళ కాస్త పక్కకు తిరిగి నిలబడి ఉంది. వదులుగా ఉన్న నీలం పొడుగు చేతుల చొక్కా వేసుకుంది. జుట్టు ఎడమ భుజం మీదుగా ముందుకు పడింది. కుడి చేతిలో సంచి నడుముకు అడ్డంగా ఉంది. వెనుక అద్దంలో ఆమె వీపు కనిపిస్తోంది. ఈ చొక్కా స్థానంలో ముదురు ఎరుపు రంగు చేతులు లేని టాప్ కావాలి.

ముందు మాస్క్ దారిలో వెళ్దాం. చొక్కా అంతా పూస్తాం. పాత చిత్రాన్ని ఎంత మేరకు చెరిపి గీయాలో చెప్పే `Denoising strength` విలువను 0.4 దగ్గర ఉంచితే మడతలు నిలుస్తాయి, నీలం కూడా నిలుస్తుంది. మోడల్ పాత రంగుల మీదే కొంచెం చెరిపి మళ్లీ గీస్తుంది కాబట్టి ఎరుపు అని ఎంత గట్టిగా రాసినా అక్కడికి చేరదు. విలువను 1కి పెంచితే ఎరుపు వస్తుంది, కానీ పాత చొక్కా జాడ పూర్తిగా పోతుంది. ఇన్‌పెయింటింగ్ కోసం శిక్షణ పొందిన మోడల్‌కు మాస్క్ కింది భాగాన్ని ఖాళీ చేసి ఇస్తారు. అక్కడ ఏ మడత ఉండేదో, వెలుగు ఎటు నుంచి పడేదో అది చూడలేదు, చుట్టూ ఉన్నదాన్ని బట్టి ఊహించాల్సిందే.

అంతకంటే పెద్ద చిక్కు ఆకారం. మోడల్ మాస్క్‌ను కేవలం హద్దుగా చూడదు, చాలాసార్లు అచ్చుగా చూస్తుంది. వదులు చొక్కా చేతిని యథాతథంగా పూసి చేతులు లేని టాప్ అడిగితే, ఆ వదులు గుడ్డ ఉన్నంత మేరా చర్మం నింపుతుంది. ఫలితంగా చేయి ఉబ్బిపోతుంది. ప్యాంటు అంచుల వెంట మాస్క్ గీసి పొడుగు స్కర్టు అడిగినా ఇదే కథ. స్కర్టుకు కావలసిన చోటు మాస్క్‌లో లేదు కాబట్టి రెండు కాళ్ల మధ్య నీడ గీసిన వింత వస్త్రం ఒకటి వస్తుంది. పోనీ మాస్క్‌ను పెద్దది చేద్దామంటే సంచి, వేళ్లు, జుట్టు అందులో పడతాయి. వాటినీ మళ్లీ గీయిస్తే వేళ్లు ఏమవుతాయో చెప్పలేం. ఇక అద్దంలోని వీపు నీలంగానే ఉండిపోతుంది, ఎందుకంటే అక్కడ ఎవరూ బ్రష్ పెట్టలేదు.

ఇప్పుడు వాక్యం దారి.

```
Change the blue shirt to a dark red sleeveless top.
Keep the face, hair, pose, bag and background unchanged.
```

ఫలితం చూస్తే ముచ్చటేస్తుంది. చేయి సన్నగా, సహజంగా ఉంటుంది. పాత గుడ్డ కప్పిన చోట గోడ కనిపిస్తుంది. సంచి పట్టీ నీడ కొత్త టాప్ మీద సరిగ్గా పడుతుంది. మంచి మోడల్ అయితే అద్దంలో వీపు కూడా ఎర్రబడుతుంది. మొత్తం దృశ్యాన్ని చూస్తూ గీస్తుంది కాబట్టే ఇది సాధ్యం. పాత దుస్తుల నుంచి కొత్త దుస్తులకు ఏదైనా వారసత్వంగా రావాలన్నా, మనిషి ఆకారపు గీతే మారాలన్నా, మార్పు ప్రభావం నీడలోనూ అద్దంలోనూ కనిపించాలన్నా నేను వాక్యం వైపే ఉంటాను.

కానీ ఆ రెండో వాక్యాన్ని నమ్మకండి. ‘మిగతాదంతా మార్చవద్దు’ అన్నది ఒక విన్నపం. దానికి మోడల్ లోపల కట్టుబాటు లేదు. అది ఫొటోలో కొంత భాగాన్ని దిద్దడం లేదు, ఫొటో మొత్తాన్ని మళ్లీ గీస్తోంది. మొదట వచ్చిన ఇన్‌స్ట్రక్ట్‌పిక్స్2పిక్స్‌కు నాలుగున్నర లక్షలకు పైగా జంట చిత్రాలతో శిక్షణ ఇచ్చారు. ఆ జంటలు కూడా మరో మోడల్ పుట్టించినవే. ‘ముందు’ చిత్రానికీ ‘తరువాత’ చిత్రానికీ మధ్య అడగని తేడాలు కూడా దూరుతూ ఉండేవి, వడపోత పెట్టాల్సి వచ్చింది. తరువాతి మోడళ్లు చాలా మెరుగుపడ్డాయి. మళ్లీ గీయడమన్న మూలం మాత్రం మారలేదు.

మన ఫొటోలో మొహం 400 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకుందాం. ఈ మోడళ్లలో చాలావరకు పది లక్షల పిక్సెళ్లకు అటూ ఇటూగా పనిచేస్తాయి. మన ఫొటో కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు. లోపలికి వెళ్లేటప్పుడు ప్రతి వైపూ సుమారు మూడున్నర రెట్లు కుదించుకుపోతుంది. అంటే మొహం 115 పిక్సెళ్లకు దిగుతుంది. సాధారణంగా మోడల్ చిత్రాన్ని ఎనిమిదో వంతుకు కుదించిన రూపంలో ఆలోచిస్తుంది. కాబట్టి ఆమె మొహం చివరికి అడ్డంగా పద్నాలుగు గడులు. అందులోంచి మళ్లీ గీసిన మొహం ఆమె అక్కాచెల్లెళ్లలో ఒకరిదిలా ఉంటుంది, ఆమెది కాదు.

మాస్క్ వైపు వాదించేవారు ఇక్కడే పట్టుకుంటారు. తమ దారిలో మాస్క్ బయట ఒక్క పిక్సెల్ కూడా కదలదని, పెద్ద ఫొటోల్లో `Only masked` ఎంచుకుంటే ఆ భాగాన్నే పెంచి గీస్తుంది కనుక వివరం కూడా పోదని అంటారు. రెండో మాట నిజం. కొత్త దుస్తులు పాత ఆకారంలోనే ఇమిడితే, మీదుగా చేతులూ జుట్టూ అడ్డురాకపోతే, గుంపులో ఒక్కరి కోటు మాత్రమే మార్చాలంటే మాస్క్‌నే వాడాలి. గుంపు ఫొటోను వాక్యానికి అప్పగిస్తే పక్కవారి మొహాలు కూడా మారిపోతాయి. మొదటి మాటకు మాత్రం చిన్న సవరణ కావాలి. ఇన్‌పెయింటింగ్‌లోనూ చిత్రం మొత్తం కుదించి విప్పే ప్రక్రియ గుండా వెళ్తే బయటి భాగం కొద్దిగా చెదురుతుంది. చివర్లో అసలు పిక్సెళ్లను తిరిగి అతికించే సాధనాల్లోనే ఆ హామీ నిజమవుతుంది. అంటే మాస్క్ ఇచ్చే భద్రత గీయించడంలో లేదు, అతికించడంలో ఉంది. నా వాదనంతా దీని మీదే నిలబడింది. భద్రత అతికించడంలోనే ఉన్నప్పుడు, గీసేటప్పుడు మోడల్ కళ్లకు గంతలు కట్టడం ఎందుకు?

కాబట్టి పని ఇలా సాగాలి. ముందు అసలు ఫొటోను మనిషి చుట్టూ దగ్గరగా, మోడల్ ఒప్పుకునే నిష్పత్తిలో కత్తిరించండి. 1500 బై 2000కి కత్తిరిస్తే మొహం 115 బదులు 230 పిక్సెళ్లతో లోపలికి వెళ్తుంది. దాన్ని వాక్యంతో మార్చండి. వచ్చిన చిత్రాన్ని అదే కొలతకు పెంచి, ఫొటో ఎడిటర్‌లో అసలుదాని మీద పొరగా వేసి, పొరల పద్ధతిని `Difference`కి మార్చండి. రెండు చిత్రాలూ ఒకటిగా ఉన్న చోట నలుపు, తేడా ఉన్న చోట వెలుగు కనిపిస్తుంది.

ఈ నల్లని చిత్రాన్ని చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. దుస్తులు, బయటపడ్డ చేయి, అద్దంలోని వీపు మాత్రమే వెలిగితే మోడల్ మాట విన్నట్టు. మొహం కూడా వెలిగితే మళ్లీ గీసినట్టు. అంతటా పలుచని బూడిద రంగు ఉంటే మొత్తం రంగు జరిగినట్టు. దాన్ని రంగుల సవరణతో దిద్దవచ్చు. తలుపు చట్రం, గోడ అంచు, మనిషి రూపురేఖ అన్నీ సన్నని తెల్లని గీతలుగా కనిపిస్తే చిత్రం కాస్త పెరిగిందని గానీ పక్కకు జరిగిందని గానీ అర్థం. కొలత సరిచేసి కదిపి చూడండి, గీతలు ఆరిపోతే సరే. ఒక చోట ఆరి మరో చోట వెలిగితే మోడల్ భంగిమనే మార్చింది. ఆ ఫలితాన్ని పారేసి మళ్లీ చేయించాలి, అతికించే ప్రయత్నం వృథా.

ఇప్పుడు కొత్త చిత్రంలో ఉంచాల్సిన భాగానికి మాస్క్ గీయడానికి బ్రష్ పట్టుకోండి. అలవాటు కొద్దీ గుడ్డ అంచు వెంటే గీయబోతాం. అది తప్పు. `Difference`లో నల్లగా ఉన్న చోటే గీత నడవాలి. భుజం మీద పడిన జుట్టుకు ఇది ప్రాణాధారం. వెంట్రుకల కొసల దగ్గర గీస్తే పాత నీలం, కొత్త ఎరుపు రెండూ తొంగిచూస్తాయి. గీతను కొంచెం పైకి, జుట్టు ఒత్తుగా ఉండి రెండు చిత్రాలూ ఏకీభవించే చోటికి జరపండి. కొసలు కొత్త చిత్రం నుంచి వస్తాయి, మొహం అసలు చిత్రం నుంచి వస్తుంది, అతుకు కనబడదు. చేతి నీడ, అద్దం భాగం కూడా మాస్క్‌లో చేరాలి. టాప్ నేత కాస్త మసకగా ఉందనిపిస్తే అప్పుడు ఇన్‌పెయింటింగ్‌ను పిలవండి. `Denoising strength` 0.25 దగ్గర, ఆ గుడ్డ మీద మాత్రమే. ఆకారం, రంగు అప్పటికే స్థిరపడ్డాయి కనుక ఆ చిన్న విలువ నేతకు పదును పెట్టి ఊరుకుంటుంది.

నన్ను కలవరపెట్టేది సాధనాలు వెళ్తున్న దిక్కు. వాక్యం ఒక్కటే రాయనిచ్చి, బ్రష్‌నూ పొరలనూ దాచేసే పరికరాలు పెరుగుతున్నాయి. సులువు కోసమే అంటారు. కానీ బ్రష్‌తో పాటు ‘దీన్ని ముట్టుకోకు’ అని చెప్పే అధికారం కూడా పోతోంది. టాప్ అడిగితే నడుము సన్నబడి, చర్మం నునుపై, దవడ గీత పదునెక్కి తిరిగి వస్తుంది. ఎవరూ అడగలేదు. చూసేవారు ‘బాగుంది’ అంటారు, తేడా ఎక్కడుందో తెలియదు. చొక్కా కుట్టు వంకరగా వస్తే అది దుస్తుల లోపం. ఆమె నడుము మారితే అది ఆమె పట్ల జరిగిన తప్పు. అసలు చిత్రంతో పోల్చి చూసే అవకాశాన్ని ప్రతి సాధనమూ ముందు వరుసలో పెట్టాలి. అది లేని సాధనంతో మరొకరి ఫొటో ముట్టుకోకూడదు, ఆమె అనుమతి ఉన్నా సరే. ఆమె అనుమతించింది చొక్కా మార్చడానికి.

ఈ పద్ధతిలోనూ తీరని లోటు ఒకటుంది. పొడుగు చేతుల కింద ఆమె చేయి ఎలా ఉందో ఫొటోలో లేదు. మాస్క్ గీసినా, వాక్యం రాసినా వచ్చేది ఎవరిదీ కాని చేయి. మోచేతి దగ్గర ఆమెకు మచ్చ ఉండవచ్చు, పచ్చబొట్టు ఉండవచ్చు. `Difference` ఈ లోటును పట్టలేదు, ఎందుకంటే పోల్చడానికి అసలు చేయి అక్కడ లేదు. కొత్త మోడళ్లు కొన్ని రెండో చిత్రాన్ని కూడా తీసుకుంటాయి. చేతులు కనిపించే ఫొటో మరొకటి ఇమ్మని ఆమెనే అడిగి, దాన్ని మొదటిదానితో జతచేసి పంపండి. వచ్చిన చేతిని ఆమెకు చూపించి, అది తనదేనని ఆమె అన్నాకే అతికించండి.