టెలిగ్రాం పాత నంబర్ పోయినోళ్లకు తిరుగుతున్న ఆ మెసేజ్ సంగతి

"టెలిగ్రాం పాత నంబర్ పోయిందా? టెన్షన్ వద్దు. 1) యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలు, అకౌంట్ దానంతటదే పోతుంది. 2) తొందరగా పోవాలంటే డిలీట్ బాట్‌కి నంబర్, వచ్చిన కోడ్ పంపండి, 5 నిమిషాల్లో క్లోజ్. 3) ఫ్రెండ్స్ 50 మందితో రిపోర్ట్ కొట్టించండి. 4) సిమ్ లేకుంటే ఇంక వేరే దారి లేదు. 5) ముందు టూ స్టెప్ పాస్‌వర్డ్ పెట్టుకోండి. అందరికీ షేర్ చేయండి."

ఈ వారంల ఇది నాకు ఆరు దిక్కుల నుంచి వచ్చింది. మా క్లాస్‌మేట్ల గ్రూప్‌ల, మిర్యాలగూడ మేనత్తోళ్ల ఫ్యామిలీ గ్రూప్‌ల, ఆఖరుకు మా సెంటర్‌ల జిరాక్స్‌కు వచ్చిన పిలగాడు గూడ ఫోన్ చూపెట్టి "అన్నా, గిట్ల చేస్తే అయితదా" అని అడిగిండు. కాదు తమ్మి, కాదు. నల్లగొండల నెట్ సెంటర్ నడుపుకుంటున్న, నంబర్ పోయిందని వచ్చేటోళ్లను మస్తుమందిని చూసిన, అందుకే ఒక్కసారి మొత్తం రాసి పెడుతున్న.

మూడోది ముందు తీసేస్తా. రిపోర్ట్ అనేది స్పామ్ గురించి, మోసం గురించి చేసే ఫిర్యాదు. మీ అకౌంట్‌ను మీ కోసం డిలీట్ చేయమని అడిగే ఫారం కాదు. యాభై మంది కొట్టినా ఐదొందల మంది కొట్టినా దాంతోని మీ చాట్లు సర్వర్ మీదికెళ్లి పోవు. అయిపోయింది.

ఇగ రెండోది. దీని మీదనే నాకు కోపం. డిలీట్ చేసే పద్ధతి టెలిగ్రాందే ఒకటి ఉన్నది, my.telegram.org/deactivate అని. అండ్ల నంబర్ +91 తోని కొట్టాలె. కొడితే కోడ్ ఎస్సెమ్మెస్‌ల రాదు, టెలిగ్రాం యాప్ లోపలనే, Telegram అని నీలం టిక్కు ఉన్న చాట్‌ల వస్తది. అంకెలు, ఇంగ్లీష్ అక్షరాలు కలిసి ఉంటయి, చిన్నక్షరం పెద్దక్షరం తేడా గూడ చూసుకొని ఉన్నదున్నట్టు కొట్టాలె. ఆ మెసేజ్‌లనే రాసి ఉంటది, ఈ కోడ్ ఎవ్వరికీ ఇయ్యొద్దు, టెలిగ్రాం నుంచి అని చెప్పినా ఇయ్యొద్దు, దీంతోని మీ అకౌంట్ డిలీట్ చేయొచ్చు అని. అంత స్పష్టంగ రాసి ఉన్నదాన్ని తీస్కపోయి ఎవడో బాట్‌కు పంపమంటున్నరు!

అసలు ముచ్చట ఇంకోటి. ఆ బాట్ నడిపేటోనికి మీ అకౌంట్ డిలీట్ అయితే వచ్చే లాభమేంది? వాడు మీ నంబర్ కొట్టి లాగిన్ కోడ్ తెప్పిస్తడు. అది ఐదంకెల కోడ్. మీరు డిలీట్ కోడ్ అనుకొని పంపుతరు, వాడు మీ అకౌంట్‌ల కూసుంటడు. వాట్సాప్ లెక్క కాదు ఇది, టెలిగ్రాంల మామూలు చాట్లు అన్ని సర్వర్ మీదనే ఉంటయి, లాగిన్ అయిన ఫోన్‌ల అన్ని దిగుతయి. Saved Messages ల మనోళ్లు ఆధార్ ఫోటోలు, మెమోలు, బ్యాంక్ పాస్‌బుక్ ఫోటోలు అన్ని దాచుకుంటరు గదా, అవి వాని చేతిల పడ్డట్టే. రెండు కోడ్‌లకు తేడా గుర్తు పెట్టుకోండ్రి: అయిదు అంకెలొస్తే అది లాగిన్ కోడ్, అక్షరాలు కలిసిన పొడుగు కోడ్ అయితే అది వెబ్‌సైట్ కోడ్. మీరు అడగకుండ ఏది వచ్చినా ఎవడో మీ నంబర్ కొట్టిండని అర్థం. పొరపాటున ఇప్పటికే పంపినోళ్లు ఉంటే ఇంకా లాగిన్ ఉన్న పాత ఫోన్‌ల వెంటనే Settings ల Devices కు పోయి, తెలవని ఫోన్ పేరు కనవడితే దాన్ని తీసేయండ్రి. కొత్తగ లాగిన్ అయినోడు మొదటి 24 గంటల దాకా మీ పాత ఫోన్‌ను బయటికి తోయలేడు, మీరు మాత్రం వాన్ని తోయొచ్చు. ఆ ఒక్క రోజే మీ చేతిల ఉన్న బలం, రేపు చూద్దాం అని పండుకోవద్దు.

నాలుగోది శుద్ధ అబద్ధం, పైన చెప్పిందే దానికి జవాబు గూడ. డిలీట్ కోడ్ యాప్ లోపలికి వస్తదంటే సిమ్ అక్కరలేదు, ఎక్కడన్న ఒక్క చోట లాగిన్ బతికుంటే చాలు. పాత ఫోన్, ఇంట్ల ట్యాబ్, ఆఫీస్ కంప్యూటర్‌ల టెలిగ్రాం డెస్క్‌టాప్, ఏదైనా సరే. అందుకే నా దగ్గరికి వచ్చినోళ్లను నేను ముందు సిమ్ అడగ, ఇంకెక్కడ లాగిన్ ఉన్నది అని అడుగుత.

మా చిన్నమ్మ కొడుకు ముచ్చట చెప్త. వాళ్లది దేవరకొండ. కోచింగ్‌కు హైదరాబాద్ పోయిండు, అక్కడ కొత్త సిమ్ తీసుకున్నడు, పాతదానికి రీచార్జ్ చేయలే, అది బంద్ అయింది. పాత నంబర్ మీద టెలిగ్రాం ఉన్నది, అండ్ల వాడు పెట్టిన నోట్స్ గ్రూప్ ఒకటి ఉన్నది, దానికి వాడే ఓనర్. కొత్త నంబర్ మీద గూడ టెలిగ్రాం మొదలు పెట్టిండు. ఈ ఫార్వర్డ్ చూసి బాట్‌కు పంపబోయిండు, మెసేజ్ పెట్టే ముందు నాకు ఫోన్ చేసిండు కాబట్టి బతికిండు. "ఇంట్ల ట్యాబ్ ఉన్నది గదరా, చెల్లె వీడియోలు చూస్తదని ఇచ్చినవ్, అండ్ల టెలిగ్రాం ఉన్నదా" అన్న. ఉన్నది. "లాగౌట్ కొట్టొద్దని చెల్లెకు చెప్పు, ట్యాబ్ ఛార్జింగ్ పెట్టమను" అన్న.

ముందుగాల నంబర్ మారుద్దామని చూసినం. Settings ల Change Number ఉంటది, కొత్త నంబర్‌కు కోడ్ వస్తది, చాట్లు గ్రూపులు అన్ని దానికి పోతయి, పాత సిమ్‌తోని పనే లేదు. కానీ కొత్త నంబర్ మీద ఇప్పటికే టెలిగ్రాం అకౌంట్ ఉంటే అది ఒప్పుకోదు. నంబర్ పోయినోళ్లు సగం మంది ఇక్కడనే ఇరుక్కుంటరు, ఎందుకంటే ముందు కొత్తదాంట్ల ఖాతా తెరిచి తర్వాత పాతదాని గురించి ఆలోచిస్తరు. వానికి రెండు నెలల చాట్లు కొత్త అకౌంట్‌ల ఉన్నయి, దాన్ని తీసెయ్య అన్నడు. సరే, పాతదే డిలీట్ అనుకున్నం.

ఇక్కడ ఒక మాట ఒప్పుకుంట. ఐదో పాయింట్ రాసినోడు కరెక్టే రాసిండు, ఎందుకో చెప్పలే గాని. టూ స్టెప్ పాస్‌వర్డ్ అంటే లాగిన్ కోడ్ కొట్టినంక టెలిగ్రాం అడిగే మన సొంత పాస్‌వర్డ్. ఓనర్ డిలీట్ అయితే గ్రూప్ పోదు, ఓనర్ లేకుండ మిగులుతది, ఉన్న అడ్మిన్‌ల హక్కులు అట్లనే ఉంటయి. ఓనర్‌షిప్ ఇంకొకరికి ఇయ్యాలంటే టూ స్టెప్ పాస్‌వర్డ్ పెట్టి 7 రోజులు నిండాలె. మావోడు ఆ రోజే ట్యాబ్‌ల పాస్‌వర్డ్ పెట్టిండు, దానికి సిమ్ అడగలే. ఎనిమిదో రోజు గ్రూప్‌ను వాని రూమ్మేట్‌కు రాసిచ్చిండు. తర్వాత ముఖ్యమైన చాట్‌ల తన మెసేజ్‌లు ఇద్దరి దిక్కు పోయేటట్టు తీసేసుకున్నడు, ఎందుకంటే అకౌంట్ డిలీట్ చేసినా అవతలోళ్ల ఫోన్‌ల మీ మెసేజ్‌లు ఉంటయి, పేరు కాడ Deleted Account అని పడతది, అంతే. అప్పుడు నా సెంటర్‌ల కంప్యూటర్‌ల సైట్ తెరిచినం, ట్యాబ్‌కు కోడ్ వచ్చింది, చెల్లె ఫోన్‌ల చదివి చెప్పింది, ఒక అక్షరం తప్పు పడి మళ్ల చదివింది, డిలీట్ బటన్ కొట్టినం, ఖాయమా అని ఇంకోసారి అడిగింది, కొట్టినం. నా ఫోన్‌ల వాని పాత చాట్ తెరిస్తే పేరు పోయి Deleted Account అని ఉన్నది.

ఇగ మొదటిది. యాప్ తీసేస్తే ఫోన్‌ల యాప్ పోతది, అకౌంట్ ఆడనే ఉంటది. దానంతటదే పోవుడు అనేది ఉన్నది నిజమే, ఎవరు ఆన్‌లైన్‌కు రాకుంటే ఒక గడువు తర్వాత టెలిగ్రామే తీసేస్తది. ముందు ఆ గడువు 6 నెలలు ఉండె, ఇప్పుడు మనం మార్చకుంటే 18 నెలలు. ఇంట్ల ట్యాబ్‌ల చెల్లె రోజు తెరుస్తుంటే ఆ లెక్క మొదలే కాదు. ఇంకో దిక్కు, బంద్ అయిన నంబర్‌ను 90 రోజుల దాకా ఎవ్వరికీ ఇయ్యమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023ల సుప్రీంకోర్టుకు చెప్పింది. అంటే తర్వాత ఇంకొకరికి ఇయ్యొచ్చు. మూడు నెలలు ఒక దిక్కు, పద్దెనిమిది నెలలు ఒక దిక్కు, నడుమ పదిహేను నెలలు మీ అకౌంట్ తలుపు తీసి ఉన్నట్టే. మీ పాత నంబర్ తీసుకున్న ఏ అచ్చంపేట పిలగాడో తన కోసం టెలిగ్రాం పెట్టుకుంటడు, ఎస్సెమ్మెస్ అతనికే వస్తది, పాస్‌వర్డ్ లేకుంటే నేరుగ మీ చాట్‌లల్లకు పోతడు. అతని తప్పు గూడ ఏం లేదు. పాస్‌వర్డ్ ఉంటే అక్కడ ఆగుతడు, ఇగ అతనికి మిగిలేది అకౌంట్ రీసెట్, అంటే మీ పాతది డిలీట్ అయ్యి అతనికి కొత్తది వచ్చుడు. అంటే పాస్‌వర్డ్ పెట్టి వదిలేసినోళ్లకు "దానంతటదే పోతుంది" అనేది ఒక రకంగ నిజమే అయితది, ఈ మాట రాయాలంటే నాకే మనసొప్పుతలేదు, కానీ నిజం నిజమే.

లాగిన్ ఎక్కడా లేనోళ్లు ముందు ఆ నంబర్‌కు ఫోన్ కొట్టి చూడండ్రి. బంద్ అని వస్తే, నంబర్ మీ పేరు మీదనే తీసుకున్నదైతే, ఆధార్ పట్టుకొని ఆ కంపెనీ స్టోర్‌కు పోయి అదే నంబర్ మళ్ల ఇస్తరా అని అడగండ్రి, 90 రోజులు దాటక ముందే. సిమ్ మార్చినంక మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, అది రూలే, కోడ్ రాలేదని మళ్లమళ్ల కొడితే టెలిగ్రాం కొంచెంసేపు ఆపేస్తది. ఒక రోజు ఆగి ఒక్కసారి కొట్టండ్రి.

ఎవరన్న కొత్తోళ్లు ఫోన్ ఎత్తితే ఆ నంబర్ ఇగ వాళ్లదే. కోడ్ చెప్పమని వాళ్ల వెంట పడొద్దు, తెలవనోళ్లకు కోడ్ చెప్పొద్దని మనమే గదా అంటున్నం. అప్పుడు చేయగలిగింది ఒక్కటే: మీరున్న గ్రూప్‌ల అడ్మిన్‌లకు చెప్పి ఆ పాత అకౌంట్‌ను తీసేయించుడు, దాని నుంచి పైసలడిగే మెసేజ్ వస్తే నేను కాదని దగ్గరోళ్లకు చెప్పి పెట్టుడు. మీ దోస్తు ఫోన్‌ల ఆ పాత ప్రొఫైల్ తెరిచి అప్పుడప్పుడు చూస్తుండండ్రి. చాన రోజుల కింద కనిపించిండని ఉంటే ఇంకా ఎవరు ముట్టలేదు. మొన్ననే ఆన్‌లైన్‌కు వచ్చినట్టు చూపెడితే ఎవరో లోపలున్నరు, లేకుంటే మీ ఇంట్లనే మర్చిపోయిన ట్యాబ్ ఒకటి ఉన్నది, పోయి ఎతకండ్రి.