యూనిట్ల పుట్టినరోజులు

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బావగారు ఆ మధ్య ఒక సిద్ధాంతం కనిపెట్టారు. మ్యూచువల్ ఫండ్‌లో సిప్, అంటే నెలనెలా వాయిదా, మొదలుపెట్టి ఏడాది దాటితే చాలు, అందులో ఉన్న డబ్బంతా లాంగ్ టర్మ్ అయిపోతుందట. వివాహబంధంలా అన్నమాట. ఒకసారి ముడి పడితే ఆ ఇంట్లో నిన్న పుట్టిన పిల్లాడికి కూడా సీనియారిటీ వచ్చేస్తుంది!

ఆదాయపు పన్ను శాఖ ఈ సిద్ధాంతాన్ని ఇంకా ఆమోదించలేదు. వాళ్ళ దృష్టిలో ప్రతి వాయిదా ఒక కొత్త కాన్పు. ప్రతి నెలా 5న పడిన డబ్బుకి యూనిట్లు వచ్చిన రోజే పుట్టినరోజు. ఏ యూనిట్ వయసు దానిదే, ఏ యూనిట్ లాభం దానిదే.

బావగారి జాతకమే చూద్దాం. 2024 జూన్ నుంచి నెలకి 10,000 చొప్పున షేర్లలో పెట్టే ఒక ఈక్విటీ ఫండ్‌లో 18 వాయిదాలు కట్టారు. 2025 నవంబరు 20న ఇంట్లో బోరు వేయించడానికి 70,000 కావాల్సి వచ్చింది. ఏడాదిన్నర అయింది కదా అని మొత్తం రిడీమ్ కొట్టేశారు. అడిగితే "సగం తియ్యడం నాకు చాతకాదు బావా" అన్నారు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే మనిషి. లాట్ మొత్తం తెంచడమే అలవాటు.

లెక్క తేలిగ్గా ఉండటానికి మొదటి ఆరు వాయిదాలూ ఎన్ఏవీ, అంటే యూనిట్ ధర, 40 రూపాయల దగ్గర ఉన్నప్పుడు పడ్డాయనుకోండి. 1,500 యూనిట్లు. తర్వాతి పన్నెండూ 48 దగ్గర. 2,500 యూనిట్లు. అమ్మిన రోజు ఎన్ఏవీ 50.

నవంబరు 20 నాటికి 12 నెలలు దాటినవి మొదటి ఆరు వాయిదాలే. వాటి మీద యూనిట్‌కి 10 చొప్పున 15,000 లాభం. ఇలాంటి దీర్ఘకాలిక లాభం ఏడాది మొత్తం మీద 1,25,000 దాటితేనే, ఆ దాటిన దాని మీద 12.5 శాతం. బావగారికి వేరే ఈక్విటీ లాభాలు లేవు కాబట్టి ఇక్కడ పన్ను సున్నా. మిగతా పన్నెండు వాయిదాలూ పసికందులు. ఏడాది లోపు తీస్తే ఈ ఫండ్ 1 శాతం ఎగ్జిట్ లోడ్ పట్టుకుంటుంది. అంటే 1,250 రూపాయలు. ఒక్కో యూనిట్ చేతికొచ్చింది 49.50, లాభం రూపాయిన్నర, మొత్తం 3,750. స్వల్పకాలికం కాబట్టి 20 శాతం, దానిపై 4 శాతం సెస్సు కలిపి 780. వెరసి 2,030 రూపాయలు.

పెద్ద మొత్తమేమీ కాదు, నిజమే. కానీ అసలు కట్టనక్కర్లేని మొత్తం. ఒకే ఫోలియోలో, అంటే ఒకే ఫండ్ ఖాతాలో, కొంత తీస్తే ముందు పుట్టిన యూనిట్లే ముందు పోతాయి. బావగారు 1,400 యూనిట్లు మాత్రం తీసి ఉంటే 70,000 చేతికొచ్చేది. అన్నీ ఏడాది దాటినవే కాబట్టి లోడూ లేదు, పన్నూ లేదు. కోల్డ్ స్టోరేజీలో ఏ లాట్ ఎప్పుడు దించారో రసీదు చూడకుండా చెప్పగల మనిషికి ఈ సంగతి తట్టలేదు! యూనిట్లకీ రసీదు ఉంటుంది. క్యాపిటల్ గెయిన్స్ స్టేట్‌మెంట్ అంటారు. కొన్న తేదీ, కొన్న ధర, అమ్మిన ధర వరుసవారీగా ఉంటాయి. బ్యాంకు పాస్‌బుక్‌లో ఇవేవీ కనపడవు, వచ్చిన మొత్తం తప్ప.

ఇక బాండ్లలో పెట్టే డెట్ ఫండ్ల దగ్గర ప్రభుత్వం వయసు అనే భేదభావాన్నే రద్దు చేసింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న డెట్ యూనిట్‌ని నెల ఉంచినా, పదేళ్ళు పెంచినా లాభం స్వల్పకాలికమే. మీ శ్లాబు ఎంతో అంత. ముప్పై శాతం శ్లాబులో ఉన్న నాలాంటివాడికి 20,000 లాభం వస్తే సెస్సుతో కలిపి 6,240 పన్ను. పదేళ్ళ పిల్లాణ్ణి ఇంకా ఉయ్యాల్లోనే లెక్కేసే ఈ మమకారం ముందు ఏ తల్లి ప్రేమైనా దిగదుడుపే. అంతకు ముందు కొన్నవాటికి మాత్రం 24 నెలలు దాటితే 12.5 శాతం అనే మర్యాద మిగిలింది, అదీ ద్రవ్యోల్బణం సర్దుబాటు లేకుండా.

ఇదంతా విడమరిచి చెబితే బావగారు శ్రద్ధగా విన్నారు. కాగితం మీద రెండుసార్లు కూడి చూసుకున్నారు కూడా.

"అయితే మిగతా 1,28,750 ఏం చేశారు?" అన్నాను.

"ఖాళీగా ఎందుకులే అని మర్నాడే అదే ఫండ్‌లో మళ్ళీ వేసేశాను బావా. ఈసారి ఒకే పుట్టినరోజు. గుర్తుపెట్టుకోవడం ఎంత సుళువో!"